పక్కింటి నిప్పుకు బాకీ ఎవరిది?

2016 డిసెంబరు 22, ఉదయం పదీ ఇరవై. జపాన్ సముద్ర తీరంలో, నీగాతా ప్రాంతంలోని ఇతోయిగావా అనే చిన్న పట్టణం. రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఉన్న ఓ నూడుల్స్ హోటల్లో యజమాని పొయ్యి మీద పాత్ర పెట్టి, మంట ఆర్పడం మరిచి ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి వంటగది అంటుకుని ఉంది.

ఆ రోజు గాలి దక్షిణం నుంచి వీస్తోంది. కొండల మీద నుంచి దిగి సముద్రం వైపు పోయే పొడి గాలి అది. మధ్యాహ్నానికి ముందే దాని విసురు సెకనుకు 27 మీటర్లు దాటింది. అంటే గంటకు దాదాపు వంద కిలోమీటర్లు. ఇతోయిగావా పాత వీధుల్లో కర్ర ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నిప్పు రవ్వలు ఎగిరి, మధ్యలో ఉన్న ఇళ్లను వదిలేసి, దూరంగా ఉన్న ఇంటికప్పు మీద పడి అక్కడ కొత్త మంట పెట్టాయి. అగ్నిమాపక సిబ్బంది ఒకచోట నీళ్లు కొడుతుంటే వెనకాల మరోచోట లేచింది. పూర్తిగా ఆరిపోయిందని మర్నాడు సాయంత్రం నాలుగున్నరకు ప్రకటించారు. దాదాపు ముప్పై గంటలు. మొత్తం 147 కట్టడాలు దెబ్బతిన్నాయి. వాటిలో 120 పూర్తిగా కాలిపోయాయి. పది ఎకరాల మేర ఊరు బూడిదైంది. 1650లో మొదలైన కాగానోయి అనే సాకే తయారీ సంస్థ కూడా అందులోనే పోయింది. 17 మంది గాయపడ్డారు, ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇల్లు కాలిన వాళ్లకు నష్టపరిహారం ఎవరివ్వాలి? మన ఊళ్లో ఎవరినడిగినా ఆలోచించకుండా, ‘ఇంకెవరు, హోటలాయనే’ అంటారు. పొయ్యి ఆర్పకుండా వెళ్లింది ఆయన. తప్పు ఎవరిదో తేల్చడానికి దర్యాప్తు కూడా అక్కర్లేదు. కానీ జపాన్ చట్టం ఆ మాట అనదు. పొరపాటున నిప్పు పుట్టించినవాడు, ఆ నిప్పు పాకి కాలిన పొరుగు ఇళ్లకు మామూలుగా నష్టపరిహారం ఇవ్వనక్కర్లేదు అంటుంది.

ఆ చట్టం 1899 మార్చిలో వచ్చింది. మొత్తం ఒకే ఒక్క వాక్యం. దాని సారాంశం ఇది: తప్పు చేసి ఎదుటివాడికి నష్టం కలిగిస్తే పరిహారం కట్టాలనే సివిల్ కోడ్ 709వ నిబంధన, పొరపాటున జరిగిన అగ్నిప్రమాదాలకు వర్తించదు, అయితే నిప్పు పెట్టినవాడిది తీవ్రమైన నిర్లక్ష్యమైతే మాత్రం ఈ మినహాయింపు లేదు. కొత్త సివిల్ కోడ్ అమల్లోకి వచ్చింది 1898లో. ఏడాది తిరక్కుండానే ఈ మినహాయింపు చట్టం తెచ్చారంటే, 709ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే ఏమవుతుందో వాళ్లకు వెంటనే అర్థమైందన్నమాట.

ఏమవుతుంది? జపాన్ పట్టణాలన్నీ కర్రతో, కాగితపు తలుపులతో కట్టినవి. ఒక ఇంట్లో దీపం పడిపోతే వీధి మొత్తం పోయేది. 1657లో ఎదో నగరాన్ని (అదే ఈనాటి టోక్యో) తగలబెట్టిన మంటల్లో లక్ష మంది దాకా చనిపోయారని ఒక అంచనా. అలాంటి చోట నిప్పు ఎంత దూరం పోతుందనేది పెట్టినవాడి తప్పు ఎంత పెద్దదన్న దాన్నిబట్టి ఉండదు. గాలిని బట్టి, ఇళ్ల మధ్య సందును బట్టి, ఫైరింజన్ ఎంతసేపట్లో వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. పైగా నిప్పు పుట్టించినవాడి ఇల్లే ముందు పోతుంది. సర్వం పోయి వీధిన పడ్డవాడి నెత్తిన వంద ఇళ్ల బాకీ పెడితే వాడు తీర్చలేడు, బాకీదారులకు దక్కేదీ ఏమీ ఉండదు. అందరి ఇళ్లూ ఒకేలా మండేవే కాబట్టి, ఇవాళ నష్టపోయినవాడు రేపు నష్టం తెచ్చిపెట్టినవాడు కావచ్చు. ఎవరి నష్టం వాళ్లు భరించడమే పాత ఆచారం. చట్టం దాన్నే రాతలో పెట్టింది.

ఈ వాదనలో న్యాయం ఉందనే నేననుకుంటాను. కానీ దీనికి ఒక అవతలి వైపు ఉంది. చట్టం నిప్పు పుట్టించినవాడిని వదిలేసిన క్షణంలోనే, ఏ తప్పూ చేయని పొరుగువాడికి ‘నీ ఇంటికి నువ్వే బీమా చేయించుకో’ అని చెప్పేసింది. ఆ రెండో మాట చట్టంలో ఎక్కడా రాసి ఉండదు. అందుకే అది తెలియనివాళ్లు, స్తోమత లేనివాళ్లు నష్టపోతారు. బీమా లేని వృద్ధురాలు పక్కింటి పొయ్యి వల్ల ఇల్లు పోగొట్టుకుని, ఎవరినీ అడగలేని స్థితిలో నిలబడితే, అది ఆమెకు న్యాయంలా కనిపించదు. కనిపించనక్కర్లేదు కూడా.

ఇక వివాదమంతా ఆ ‘తీవ్రమైన నిర్లక్ష్యం’ చుట్టూ తిరుగుతుంది. 1957 జులైలో జపాన్ సుప్రీంకోర్టు దానికి ఒక కొలత ఇచ్చింది. పెద్ద జాగ్రత్త అక్కర్లేదు, కాస్త ఆలోచించినా ఇలా జరుగుతుందని సులువుగా తెలిసేది. అయినా పట్టించుకోకుండా వదిలేశాడు. దాదాపు తెలిసి చేసినట్టే ఉంది. అలాంటప్పుడే తీవ్ర నిర్లక్ష్యం. మామూలు ఏమరుపాటు దీనికి సరిపోదు.

కింది కోర్టుల తీర్పులు చూస్తే గీత ఎక్కడ పడుతుందో కాస్త తెలుస్తుంది. పూజామందిరంలో వెలిగించిన కొవ్వొత్తి పడిపోయి ఇల్లు అంటుకున్న ఒక కేసులో తీవ్ర నిర్లక్ష్యం లేదన్నారు. పడుకుని సిగరెట్టు కాలుస్తూ ఇల్లు తగలబెట్టుకున్న కేసులో ఉందన్నారు. కరెంటు హీటరు వేసుకుని నిద్రపోతే దుప్పటి జారి దాని మీద పడ్డ కేసులోనూ ఉందన్నారు. వేపుడు నూనె పొయ్యి మీద పెట్టి వంటింట్లోంచి వెళ్లిపోయిన కేసులోనూ ఉందన్నారు.

ఈ చివరిదాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే కోర్టు అంత కఠినంగా ఎందుకుందో నూనె స్వభావమే చెబుతుంది. గారెలు, బజ్జీలు వేసేటప్పుడు మూకుట్లో నూనె సుమారు 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేయడానికి పిండి లేకుండా మంట అలాగే ఉంచితే వేడి ఎక్కుతూనే పోతుంది. ముందు పల్చగా పొగ లేస్తుంది. తర్వాత పొగ చిక్కబడి వాసన మారుతుంది. సుమారు 370 డిగ్రీలకు చేరాక నిప్పు తగలనక్కర్లేదు, నూనె తనంతట తానే భగ్గుమంటుంది. మూకుట్లో నూనె తక్కువైతే ఇదంతా ఇంకా తొందరగా అయిపోతుంది. అంటే ప్రమాదం అకస్మాత్తుగా వచ్చింది కాదు. వంటగదిలో ఉన్నవాడికి పొగ రూపంలో చాలాసేపు ముందే హెచ్చరిక అందుతుంది. ఆ హెచ్చరిక వినబడని చోటికి వెళ్లిపోవడమే తీవ్ర నిర్లక్ష్యమని కోర్టు భావన.

అందుకే జపాన్‌లో 2008 అక్టోబరు నుంచి ఇళ్లలో బిగించే గ్యాస్ పొయ్యిల ప్రతి బర్నరుకూ వేడి కనిపెట్టే సెన్సర్ తప్పనిసరి చేశారు. పాత్ర అడుగు మరీ వేడెక్కితే గ్యాస్ తనే ఆగిపోతుంది. హోటళ్లలో వాడే పెద్ద పొయ్యిలకు ఆ నియమం పెట్టలేదు.

ఇతోయిగావా యజమాని మీద క్రిమినల్ కేసు నడిచింది. వృత్తిరీత్యా నిప్పుతో పని చేసేవాడికి మామూలు మనిషి కంటే ఎక్కువ జాగ్రత్త ఉండాలని జపాన్ శిక్షాస్మృతి అంటుంది. మామూలు మనిషి పొరపాటున నిప్పు పుట్టిస్తే జరిమానాయే. వృత్తిదారుడికి మూడేళ్ల దాకా జైలు. 2017 నవంబరులో కోర్టు ఆయనకు ఆ పూర్తి మూడేళ్లూ వేసి, ఐదేళ్ల పాటు అమలు నిలిపేసింది. ఆ ఐదేళ్లలో మళ్లీ తప్పు చేయకపోతే జైలుకు వెళ్లనక్కర్లేదన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడతారు. క్రిమినల్ కోర్టు శిక్ష వేసినంత మాత్రాన పొరుగువాళ్లకు డబ్బు వచ్చేయదు. వృత్తిదారుడు వృత్తికి తగ్గ జాగ్రత్త తీసుకోలేదనేది ఒక ప్రశ్న. దాదాపు తెలిసి చేసినంత నిర్లక్ష్యమా కాదా అనేది సివిల్ కోర్టు విడిగా తేల్చాల్సిన మరో ప్రశ్న. అది గెలిచినా, 147 కట్టడాల నష్టం ఒక చిన్న హోటలాయన దగ్గర వసూలవుతుందా? 1899లో చట్టం రాసినవాళ్లు వేసుకున్న లెక్కే మళ్లీ ఎదురవుతుంది.

మరి బాధితులకు డబ్బు ఎటునుంచి వచ్చింది? మొదటిది, ఎవరి అగ్ని బీమా వాళ్లకు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. పాత ఇళ్ల పాలసీలు కొన్ని ఇంటి ప్రస్తుత విలువకు చేసినవి, అంటే కట్టిననాటి నుంచి తరుగు తీసేసిన విలువ. యాభై ఏళ్ల కర్ర ఇంటికి తరుగు పోగా మిగిలేది కొంచెమే. కొత్త ఇల్లు కట్టాలంటే మాత్రం కొత్త ఇంటి ఖర్చే అవుతుంది. పాలసీలో ‘తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు’ అని ఉందా, ‘ప్రస్తుత విలువ’ అని ఉందా అన్న ఒక్క తేడా మీద ఒక కుటుంబం ఊళ్లో ఉంటుందో వెళ్లిపోతుందో తేలుతుంది.

రెండోది ప్రభుత్వ సాయం. జపాన్‌లో 1998 నాటి విపత్తు బాధితుల పునరావాస చట్టం కింద, ఇల్లు పోయిన కుటుంబానికి గరిష్ఠంగా 30 లక్షల యెన్లు ఇస్తారు. అది భూకంపం, తుపాను, వరద లాంటి ప్రకృతి విపత్తులకు మాత్రమే. ఒక వంటింట్లో పుట్టిన మంట దానికి కిందికి రాదు. ఇతోయిగావా విషయంలో ప్రభుత్వం ఇలా ఆలోచించింది: పొయ్యి వల్ల కాలింది ఒక హోటల్; మిగతా ఊరు కాలింది గాలి వల్ల. బలమైన గాలి ప్రకృతి విపత్తే. ఆ లెక్కన చట్టాన్ని వర్తింపజేశారు. ఒక అగ్నిప్రమాదానికి అలా వర్తింపజేయడం అదే మొదటిసారి. ఇది చట్టంలో సందు వెతకడం కాదనే నాకు అనిపిస్తుంది. నిప్పు ఎంత దూరం పోతుందో పెట్టినవాడి చేతుల్లో లేదన్నదే కదా 1899 చట్టానికి ఆధారం. అదే మాటను ఈసారి బాధితుల వైపు నుంచి చదివారు. ఒక మనిషిని బాకీ నుంచి తప్పించిన కారణమే, ఆ బాకీలో కొంత సమాజం మోయడానికీ కారణమైంది.

ఈ చట్టం అన్ని బంధాలనూ కాపాడదని కూడా చెప్పాలి. అది ఆపేది ఒక్క 709వ నిబంధననే. అద్దె ఒప్పందాన్ని అది తాకదు. అద్దెకున్నవాడు ఇంటిని తీసుకున్నట్టే తిరిగి అప్పగిస్తానని సంతకం పెట్టాడు కాబట్టి, చిన్న ఏమరుపాటు వల్ల కాలినా ఓనరుకు పరిహారం కట్టాల్సిందే. 1955లో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది. పనివాడి తీవ్ర నిర్లక్ష్యం వల్ల నిప్పు పుడితే యజమాని బాధ్యుడవుతాడు. చిన్నపిల్లలు నిప్పుతో ఆడి తగలబెడితే, పిల్లల తెలివితక్కువతనాన్ని కొలవకూడదని, తల్లిదండ్రుల పెంపకంలో తీవ్ర నిర్లక్ష్యం ఉందా లేదా చూడాలని 1995లో అదే కోర్టు చెప్పింది.

ఓనరు విషయంలో ఈ తేడా జపాన్‌లో ఉంటున్న మనవాళ్లకు నేరుగా తగులుతుంది. టోక్యోలో భారతీయులు ఎక్కువగా ఉండే నిషి కసాయి లాంటి చోట్ల ఇల్లు అద్దెకు తీసుకుంటే, తాళంచెవి ఇచ్చే ముందే రెండేళ్ల అగ్ని బీమా కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. చాలామంది దాన్ని ఏజెంటు వసూలు చేసే మరో ఖర్చు అనుకుని చదవకుండా సంతకం పెడతారు. ఒక లెక్క వేసి చూద్దాం. ఊరి శివార్లలో ఒక చిన్న కర్ర ఇల్లు అద్దెకు తీసుకున్న తెలుగు కుటుంబం. ఆదివారం పూట పాత కాలపు పొయ్యి మీద నూనె పెట్టి, ఇంటి దగ్గర్నుంచి ఫోనొస్తే మాట్లాడుతూ బాల్కనీలోకి వెళ్లారు. అద్దె ఇల్లు కాలింది, మంట పక్కింటికి పాకింది. పక్కింటిని తిరిగి కట్టడానికి రెండు కోట్ల యెన్లు కావాలి. వాళ్ల పాలసీ తరుగు తీసిన విలువకు ఉంది కాబట్టి 80 లక్షలే వచ్చింది.

ఓనరు తన ఇంటికి పూర్తి పరిహారం అడుగుతాడు. ఆయన తీవ్ర నిర్లక్ష్యం ఉందని చూపించనక్కర్లేదు, ఒప్పందం చాలు. ఆయనకు ఆయన బీమా కంపెనీ ముందే డబ్బు ఇచ్చేసి ఉంటే, ఆయన స్థానంలో ఆ కంపెనీ అడగొచ్చు. దీన్ని భరించేది అద్దెదారు పాలసీలో ‘ఓనరుకు బాధ్యత’ అనే భాగం. చాలావరకు తాళంచెవి ముందు పెట్టించే సంతకం దీనికోసమే.

పక్కింటివాళ్లది వేరే కథ. వాళ్లకు తగ్గిన కోటీ ఇరవై లక్షలు రావాలంటే కోర్టుకెళ్లి తీవ్ర నిర్లక్ష్యం నిరూపించాలి. నూనె పెట్టి బాల్కనీలో మాట్లాడటం ఆ గీతకు ఎటువైపు పడుతుందో లాయరు కూడా ముందే చెప్పలేడు. ఎంతసేపు, పొగ కనబడే దూరంలో ఉన్నారా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా జరిగిందా, ఇలాంటివన్నీ చూస్తారు. తీవ్ర నిర్లక్ష్యం కాదని తేలితే చట్టం ప్రకారం కట్టాల్సింది సున్నా. ఆ గోడ పక్కన మళ్లీ కాపురం ఉండటం మాత్రం కష్టం. అందుకే అక్కడి బీమా కంపెనీలు ఇంకో అదనపు భాగం అమ్ముతాయి. నిప్పు పుట్టించినవాడికి చట్టరీత్యా బాధ్యత లేకపోయినా, పొరుగువాళ్ల సొంత బీమాకు అందని మిగతా నష్టాన్ని అది చెల్లిస్తుంది. సాధారణంగా పది కోట్ల యెన్ల దాకా. పై లెక్కలో ఆ కోటీ ఇరవై లక్షలు ఇక్కడి నుంచి వస్తాయి. చాలా పాలసీల్లో ఇంటింటికీ క్షమాపణ చెప్పుకోవడానికి ఇచ్చే పరామర్శ సొమ్ము కూడా విడిగా ఉంటుంది, ఇంటికి రెండు లక్షల యెన్ల చొప్పున. చట్టం అడగని బాధ్యతకు జనం తామే డబ్బు కట్టి ఏర్పాటు చేసుకోవడం, నా దృష్టిలో, చట్టం కన్నా ఎక్కువ చెబుతుంది.

మన దగ్గర 1899 లాంటి చట్టం లేదు. ఇంగ్లండు నుంచి వచ్చిన సూత్రమే మన కోర్టుల్లో నడుస్తోంది: మామూలు వివేకం ఉన్న మనిషి తీసుకునే జాగ్రత్త తీసుకోకపోతే, పాకిన నిప్పుకు బాధ్యుడే. ఆ కొలత స్థిరపడింది కూడా ఒక గడ్డివాము కేసులోనే. 1837లో తీర్పొచ్చింది. ఒక రైతు పచ్చి ఎండుగడ్డిని పొరుగువాళ్ల ఇళ్ల పక్కనే వాము వేశాడు. తడి గడ్డి లోపల్లోపల మగ్గి వేడెక్కుతుందని, వామును విప్పెయ్యమని చుట్టుపక్కలవాళ్లు వారాల తరబడి చెప్పారు. అతను విప్పలేదు. వాము మధ్యలో గాలి ఆడేలా ఒక గొట్టం పెట్టి సరిపెట్టాడు. వాము అంటుకుంది, పక్క ఇళ్లూ కాలాయి. నా తెలివికి తోచినంత జాగ్రత్త తీసుకున్నానని అతను వాదించాడు. ఎవడి తెలివిని బట్టి వాడికి కొలత పెట్టలేం, మామూలు వివేకవంతుడి కొలతే అందరికీ అని కోర్టు చెప్పింది.

కాబట్టి కృష్ణా జిల్లాలోనో, కరీంనగర్‌లోనో పక్కింటి నిప్పుకు ఇల్లు కాలితే తీవ్ర నిర్లక్ష్యం చూపించనక్కర్లేదు, మామూలు నిర్లక్ష్యం చాలు. కాగితం మీద మన బాధితుడికి జపాన్ బాధితుడి కంటే ఎక్కువ హక్కు ఉంది. కానీ నిరూపించే భారం అతనిదే. కాలిన ఇంట్లో సాక్ష్యం కూడా కాలిపోతుంది. అందుకే ఆ మొదటి రెండు మూడు రోజులే ముఖ్యం. నిప్పు ఎక్కడ మొదలైందో రాసిన అగ్నిమాపక శాఖ నివేదిక, పోలీసుల పంచనామా, శిథిలాలు కదిలించక ముందు తీసిన ఫొటోలు, షార్ట్ సర్క్యూట్ అంటే విద్యుత్ శాఖ తనిఖీ కాగితం. ‘షార్ట్ సర్క్యూట్ కావచ్చు’ అని రాసిన నివేదికతో నిర్లక్ష్యం తేలదు. వైరింగు ఎవరు వేశారు, ఎంత లోడు పెట్టారు అన్నది బయటికి రావాలి. దావా మూడేళ్లలోపు వేయాలి. ప్రాణాలకు ముప్పు తెచ్చేలా నిప్పుతో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత 287 కింద ఆరు నెలల దాకా జైలు లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. ఆ జరిమానా బాధితుడి ఇంటి తలుపు ఖరీదుకు కూడా రాదు.

కాబట్టి మన దగ్గరా చివరికి సొంత బీమాయే. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నిబంధనలతో అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ, నిప్పు ఎవరింట్లో పుట్టిందని అడగకుండా చెల్లిస్తుంది. తక్కువ మొత్తానికి బీమా చేశారంటూ ఆ నిష్పత్తిలో కోత కోసే పాత పద్ధతి ఇందులో లేదు. ఇంటిని తిరిగి కట్టే ఖర్చుకే చేయించాలి, స్థలం విలువ అందులో కలపకూడదు. కానీ ఇది మన ఇంటికి మాత్రమే. మన వంటింట్లో పుట్టి పక్కింటికి పాకిన నిప్పుకు ఇది పైసా ఇవ్వదు. అందుకు బాధ్యత బీమా విడిగా తీసుకోవాలి.

ఇతోయిగావా తర్వాత జపాన్ ఒక నియమం మార్చింది. అంతకుముందు హోటళ్లలో 150 చదరపు మీటర్లు, అంతకంటే పెద్దవాటికే మంటలార్పే సిలిండరు తప్పనిసరి. 2019 అక్టోబరు నుంచి, పొయ్యి వెలిగించి వంట చేసే ఏ హోటలైనా, ఎంత చిన్నదైనా, ఒకటి పెట్టుకోవాల్సిందే. 1899 నాటి ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం మార్చలేదు.